ఫీజు లేని యాప్‌నా, 21 దిర్హాంల కౌంటరా? షార్జా నుంచి ఇంటికి పైసలు పంపుడు

జనగామ_షార్జా
అన్నలూ, ఒక లెక్క తేలుతలేదు. నెలకు 2500 దిర్హాంలు ఇంటికి పంపుత. ఎక్స్‌చేంజ్ కౌంటర్ల ఫీజు 20 దిర్హాంలు, దాని మీద వ్యాట్ 1, మొత్తం 21. ఇయ్యాల రేటు 23.85 అని చెప్పిండు. రూమ్‌ల పిల్లలు ఫోన్ యాప్‌లకెళ్ళి పంపుతున్నరు, అండ్ల ఫీజే లేదు, కాకపోతే రేటు 23.58 చూపెడుతున్నది. గూగుల్‌ల చూస్తే 24 రూపాయలు ఉన్నది. ఎవ్వడు గూడ 24 ఇస్తలేడు. ఏది మంచిగుంటది? అమ్మ ఖాతా గ్రామీణ బ్యాంకుల ఉన్నది, ఊర్లనే.

ఖర్జూరం
ఇందులో అడగడానికేముంది తమ్ముడూ. 21 దిర్హాంలంటే మన లెక్కలో 500 రూపాయలు. ఏడాదికి 6000. ఫీజు లేకుండా పంపే దారి ఉండగా కౌంటర్ దగ్గర లైన్‌లో నిలబడి మరీ 500 ఎందుకు వదులుకోవడం? యాప్‌లో పంపెయ్. రేటులో ఆ పావలా తేడా ఏపాటిది.

పైసల_లెక్క
ఖర్జూరం గారూ, ఆ పావలాలోనే ఉందండీ అసలు సంగతి. పావలా ఒక్క దిర్హాంకి. ఈయన పంపేది 2500.

ముందు ఆ 24 ఎక్కడిదో చూద్దాం. దిర్హాం విలువ డాలర్‌కి కట్టేసి ఉంది, 1997 నుంచి 1 డాలర్‌కి 3.6725 దిర్హాంలే, మారదు. కాబట్టి ఆ రోజు డాలర్ ఎన్ని రూపాయలో తెలిస్తే దిర్హాం అసలు ధర మనమే కట్టుకోవచ్చు. డాలర్ 88.14 ఉన్న రోజు అనుకోండి:

```
88.14 ÷ 3.6725 = 24.00
```

గూగుల్ చూపించేది ఇదే. బ్యాంకులు తమలో తాము కొనుక్కునే ధరకీ, అమ్ముకునే ధరకీ నడిమధ్య అంకె. ఇది మీకు ఎవరూ ఇవ్వరు, కోపం తెచ్చుకుని లాభం లేదు. కానీ మీకు ఇచ్చిన రేటు దీనికి ఎంత కిందికి ఉందో, అంత వాళ్ళు మిగుల్చుకున్నట్టు. ఫీజు రసీదులో కనిపిస్తుంది. ఇది కనిపించదు.

ఇప్పుడు మీ 2500. జేబులోంచి పోయేది రెండు చోట్లా 2500 అనే లెక్కతోనే పోల్చాలి. కౌంటర్‌లో 21 పోగా 2479 మిగిలాయి, 23.85తో గుణిస్తే ఇంటికి చేరేది 59,124 రూపాయలు. యాప్‌లో మొత్తం 2500 మారుతుంది, 23.58తో 58,950. ఫీజు లేని చోటే 174 రూపాయలు తక్కువ వచ్చింది. అసలు ధరకి 60,000 రావాలి కాబట్టి కౌంటర్ మీ దగ్గర తీసుకున్నది 876, "ఫ్రీ" యాప్ తీసుకున్నది 1,050.

అందుకని ఫీజు ఎంత, రేటు ఎంత అని విడివిడిగా అడగొద్దు. "నేను 2500 ఇస్తాను, అక్కడ ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయి?" అని ఒక్క ప్రశ్న. యాప్‌లో `Recipient gets` అన్న గడిలో ఉండే అంకె ఇదే. ఒక చిన్న మెలిక ఉంది: కౌంటర్‌లో అడిగితే కొందరు 2500ను పూర్తిగా రేటుతో గుణించి చెప్పి, 21 పైనుంచి అడుగుతారు. అప్పుడు మీరిచ్చేది 2521. యాప్‌తో పోల్చేటప్పుడు ఇక్కడే తప్పు జరుగుతుంది.

ఖర్జూరం
సరే, ఒప్పుకున్నాను. అయితే కౌంటరే బెస్ట్ అని తేలిపోయింది కదా. అందరం అక్కడే పంపాలి.

పైసల_లెక్క
అదీ కాదండీ :) వెయ్యి దిర్హాంలు పంపేవాడి లెక్క చూడండి. కౌంటర్‌లో 979 మిగులుతాయి, 23,349 రూపాయలు. యాప్‌లో 23,580. ఇక్కడ యాప్‌ది 231 రూపాయలు పైచేయి.

కారణం తేలికే. కౌంటర్ ఫీజు ఎంత పంపినా 21 దిర్హాంలే, చిన్న మొత్తం మీద అది బరువు. యాప్ తీసుకునేది రేటులో కాబట్టి మొత్తంతో పాటు పెరుగుతూ పోతుంది. రెండూ ఎక్కడ సమానమవుతాయో కట్టాలంటే, 21 దిర్హాంలని కౌంటర్ రేటుతో గుణించి, రెండు రేట్ల తేడాతో భాగించండి:

```
21 × 23.85 ÷ (23.85 − 23.58) = 1855
```

ఈ రోజు రేట్లకి 1855 దిర్హాంల లోపు యాప్, ఆ పైన కౌంటర్. రేపు యాప్ రేటు 23.70 అయితే ఈ గీత 3,300 దాటిపోతుంది, అప్పుడు మన జనగామ తమ్ముడికి కూడా యాప్ మేలు. కాబట్టి "ఏది బెస్ట్" అన్నదానికి శాశ్వత జవాబు లేదు. ఆ రోజు రేట్లు రెండూ చూసి ఒక భాగహారం చేసుకోవడమే.

ఇంకొకటి, నెలలో మూడుసార్లు 800 చొప్పున పంపేవాళ్ళు ఉంటారు. కౌంటర్‌లో అయితే 63 దిర్హాంలు ఫీజుకే పోతాయి. పోగేసి ఒకేసారి పంపాలి, లేదా ఆ చిన్న మొత్తాలకి యాప్ వాడాలి.

రాయచోటి_కువైట్
మీరే నయమప్పా. మీకు 15 పైసలు కోస్తాండారు. ఈడ కువైట్‌లో మాకు దినార్‌కు నిండా రూపాయి తక్కువిస్తాండారు. ఫీజు ఒకటిన్నర దినారు అదనం. దుబాయోళ్ళ ఎక్స్‌చేంజ్‌లో మాక్కూడా ఖాతా తెరిచేదానికి అవుతాదా?

పైసల_లెక్క
అన్నా, రూపాయిని 15 పైసలతో పోల్చకూడదు. దినార్ విలువ ఎంతో చూడండి. దినార్ 287 రూపాయలు ఉన్న రోజు 1 రూపాయి కోశారంటే నూటికి 35 పైసలు. ఇక్కడ 24 రూపాయల దిర్హాం మీద 15 పైసలంటే నూటికి 62 పైసలు. రేటు వరకు చూస్తే మీకే చవక. దేశం దాటి పోల్చేటప్పుడు నూటికి ఎంత అన్నదే చూడాలి. ఇక్కడి ఎక్స్‌చేంజ్‌లో అక్కడినుంచి పంపడం కుదరదు, మీరున్న దేశంలో లైసెన్స్ ఉన్నవాళ్ళ ద్వారానే.

మరో జాగ్రత్త. నేను పైన చెప్పిన భాగహారం కువైట్‌కి పనిచేయదు. సౌదీ రియాల్‌కి 3.75తోనూ, ఖతర్ రియాల్‌కి 3.64తోనూ డాలర్ ధరని భాగిస్తే సరిపోతుంది. కువైట్ దినార్ మాత్రం 2007 నుంచి కొన్ని కరెన్సీల బుట్టతో ముడిపడి ఉంది, డాలర్‌తో పోల్చినా రోజూ కొంచెం కదులుతుంది. మీరు ఆ రోజు దినార్ ధర నేరుగా చూసుకోవాల్సిందే.

రాయచోటి_కువైట్
ఓహో. ఇన్నాళ్ళూ రూపాయి రూపాయి అని తిట్టుకుంటాంటి.

కౌంటర్_నెం_3
ఇండియాలో బ్యాంకు వైపు నుంచి నాలుగు మాటలు. రేటు సంగతి పైసల_లెక్క గారు చెప్పారు. డబ్బు వచ్చి చేరడం వేరే సంగతి, ఎక్కువ తలనొప్పులు అక్కడే.

జనగామ తమ్ముడూ, మీ అమ్మగారి ఖాతా గ్రామీణ బ్యాంకు అన్నారు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో అంటే అది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అయ్యుండాలి. తెలంగాణలో ఉన్న దాని శాఖలన్నీ 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయాయి. మీ యాప్‌లోనో కౌంటర్‌లోనో అమ్మగారి వివరాలు పాతవి సేవ్ అయి ఉంటే, APGVతో మొదలయ్యే పాత ఐఎఫ్‌ఎస్‌సి కోడే ఉండిపోయి ఉంటుంది. ఇప్పటి కోడ్ ఏదో శాఖలో అడిగి, పాస్‌బుక్ మీద వేయించుకుని, ఆ ఫొటో తెప్పించుకోండి. ఇంటర్నెట్‌లో వెతికి పెట్టకండి, పాత జాబితాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఆంధ్రా వైపు వాళ్ళకీ ఇదే మాట: అక్కడి నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఒకటయ్యాయి. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిన ఆంధ్రా బ్యాంకు వాళ్ళలో కూడా ఇప్పటికీ ANDB కోడ్ చెప్పేవాళ్ళు కనిపిస్తారు.

రెండోది, అది జన్ ధన్ ఖాతానా? ఆధార్, ఫొటో ఇచ్చి పూర్తి కేవైసీ చేయించి ఉంటే ఇబ్బంది లేదు. ఏ గుర్తింపు పత్రమూ లేకుండా తెరిచిన చిన్న ఖాతా అయితే మాత్రం అందులో నిల్వ 50,000 దాటకూడదు, ఏడాదికి మొత్తం జమ 1 లక్ష దాటకూడదు, గుర్తింపు పూర్తిగా రుజువయ్యే దాకా విదేశాల నుంచి డబ్బు అసలు జమ చేయకూడదు. మీ 59,000 అందులో పడదు, తిరిగొస్తుంది.

తిరిగొస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. రూపాయలుగా మారిపోయిన డబ్బు వెనక్కి వెళ్ళినప్పుడు ఎక్స్‌చేంజ్ వాళ్ళు దాన్ని మళ్ళీ దిర్హాంలుగా మారుస్తారు, ఆ రోజు తాము కొనే రేటుకి. రెండు వైపులా మార్జిన్ పోతుంది, ఫీజు మామూలుగా తిరిగి ఇవ్వరు. 2500 పంపితే 2440 చేతికి రావచ్చు. కోడ్‌లో ఒక్క అక్షరం తప్పుకి అంత ఖర్చు.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఖాతా నంబర్. తప్పు కొట్టిన నంబర్ ఏ ఖాతాదీ కాకపోతే డబ్బు తిరిగొస్తుంది. అది వేరే ఎవరి ఖాతాదో అయితే అందులో పడిపోతుంది, ఎందుకంటే ఇక్కడ జమ ఖాతా నంబర్ చూసే జరుగుతుంది, పేరు సరిపోల్చి కాదు. అవతలివాడు ఒప్పుకుంటే తప్ప వెనక్కి తీయడం బ్యాంకు చేతిలో లేదు.

జనగామ_షార్జా
సార్, మస్తు మంచి మాట చెప్పిన్రు. కోడ్ చూసిన, APGV అనే ఉన్నది. కానీ పోయిన నెల గూడ పైసలు పడ్డయ్ కద?

కౌంటర్_నెం_3
పడి ఉండొచ్చు. విలీనం తర్వాత కొన్నాళ్ళు పాత కోడ్‌ని కొత్తదానికి మళ్ళిస్తారు. ఆ మళ్ళింపు ఆపిన రోజు నుంచి తిరిగి రావడం మొదలవుతుంది, ముందుగా మీకు ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. ఖాతా నంబర్ కూడా మారిందేమో అడగమనండి.

డబ్బు పడలేదని అమ్మగారు చెబితే కౌంటర్ వాళ్ళని "ఎప్పుడు పడుతుంది" అని అడగకండి, "యూటీఆర్ నంబర్ ఇవ్వండి" అని అడగండి. రసీదు మీద ఉండే వాళ్ళ సొంత నంబర్‌తో మా బ్యాంకులో ఏమీ దొరకదు. యూటీఆర్ ఇస్తే డబ్బు ఇండియాలోకి వచ్చిందో లేదో, ఏ బ్యాంకు దగ్గర ఆగిందో నిమిషంలో చెప్పగలం. యూటీఆర్ ఇంకా లేదన్నారంటే డబ్బు ఇంకా వాళ్ళ దగ్గరే ఉందని అర్థం.

దుబాయ్_డ్రైవర్
ఇంత కష్టం ఎందుకు భయ్. హుండీల పంపితే 24.20 ఇస్తడు. ఫీజు లేదు, కోడ్ లేదు, గంటల ఇంటికాడ నోట్లు. లేదంటే ఖాతాల వేస్తడు. గూగుల్ కంటె ఎక్కువ ఇచ్చెటోడు ఇంకెవ్వడున్నడు?

పైసల_లెక్క
గూగుల్ కంటే ఎక్కువ ఎందుకు ఇస్తున్నాడో ఒక్క నిమిషం ఆలోచించండి భాయ్. ఎవడూ నష్టానికి అమ్మడు. వాడికి ఇండియాలో లెక్క చెప్పలేని రూపాయలు ఉన్నాయి, అవి వదిలించుకోవాలి. మీ దిర్హాంలు వాడికి దుబాయ్‌లో కావాలి. ఆ 20 పైసలు ఆ పని చేసిపెట్టినందుకు మీకు ఇచ్చే కూలి.

కౌంటర్_నెం_3
దానికి తోడు, శాఖల్లో చూస్తున్నది ఇదీ. హుండీవాడు మీ ఇంట్లోవాళ్ళ ఖాతాలో వేసే డబ్బు దుబాయ్ నుంచి రాదు, ఇక్కడే ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఖాతాలోంచి యూపీఐలోనో ఐఎంపీఎస్‌లోనో వస్తుంది. అది సైబర్ మోసంలో పోగొట్టుకున్నవాడి డబ్బు అయితే, వాడు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వగానే ఆ డబ్బు ఏయే ఖాతాల గుండా పోయిందో అన్నిటి మీదా ఆపు పడుతుంది. మీ అమ్మగారి ఖాతా కూడా. ఫిర్యాదు ఏ రాష్ట్రంలో నమోదైతే ఆ రాష్ట్రం పోలీసులతో మాట్లాడుకోవాలి. "మా అబ్బాయి దుబాయ్ నుంచి పంపాడు" అంటే చూపడానికి రసీదు ఉండదు. ఆపు పడ్డ ఖాతాలోకే పింఛను, రైతు భరోసా లాంటివి వస్తుంటే అవీ ఇరుక్కుంటాయి.

చట్టం మాట కూడా చెప్పాలి. విదేశంలో ఉన్నవాడి తరఫున ఇలా అనుమతి లేనివాడి చేతి నుంచి తీసుకోవడం ఫెమా చట్టం సెక్షన్ 3 కింద తప్పు, జరిమానా తీసుకున్న మొత్తానికి మూడింతల దాకా వేయొచ్చు. పంపినవాడు అక్కడ ఉంటాడు, తీసుకున్న తల్లి ఇక్కడ దొరుకుతుంది.

దుబాయ్_డ్రైవర్
అందరు పంపుతున్నరు సార్. పదేండ్లసంది చూస్తున్న, ఎవ్వనికి ఏం కాలే.

ఖర్జూరం
పదేళ్ళ కింద నోట్లు ఇంటికి తెచ్చి ఇచ్చేవాడు. ఇప్పుడు ఖాతాలో వేస్తున్నాడు. అదే తేడా.

మణికొండ_మావయ్య
అమెరికా నుంచి పంపే డబ్బు మీద 2026 నుంచి పన్ను పెట్టారని విన్నాను. మా అల్లుడు అక్కడ ఉన్నాడు. మీరు గల్ఫ్ వాళ్ళు కూడా ఆ 1 శాతం కలిపి లెక్క వేసుకోవాలి కదా? ఎవరూ ఆ మాట ఎత్తలేదే?

పైసల_లెక్క
అది అమెరికాలో చేసిన చట్టం మావయ్యగారూ, అమెరికా నుంచి పోయే డబ్బుకే. గల్ఫ్‌కి సంబంధం లేదు. మీ అల్లుడికి కూడా బహుశా తగలదు. నోట్లు, మనీ ఆర్డర్, క్యాషియర్ చెక్ లాంటివి ఇచ్చి పంపితేనే ఆ 1 శాతం. అక్కడి బ్యాంకు ఖాతా నుంచో, అమెరికాలో ఇచ్చిన డెబిట్ కార్డు నుంచో పంపితే లేదు.

తాపీ_మేస్త్రి
నాదొక డౌట్. నేను రెండేళ్ళుగా కూడబెట్టింది 30,000 దిర్హాంలు బ్యాంకులో ఉంది. ఒకేసారి పంపాలి. పెద్ద మొత్తం కదా, బ్యాంకు నుంచి బ్యాంకుకి స్విఫ్ట్‌లో పంపితే భద్రం, రేటు కూడా బాగుంటుంది అన్నారు మా సూపర్‌వైజర్. నిజమేనా?

ఖర్జూరం
బ్యాంకంటే బ్యాంకే. పెద్ద మొత్తానికి కౌంటర్ వాడిని నమ్మకూడదు.

పైసల_లెక్క
భద్రం వరకు నిజం. కానీ లైసెన్స్ ఉన్న ఎక్స్‌చేంజ్ కూడా భద్రమే, రసీదు ఉంటుంది, పైన సెంట్రల్ బ్యాంకు ఉంటుంది. రేటు మాట మాత్రం మామూలుగా తలకిందులు.

ముందు కౌంటర్. 30,000లో 21 తీసేసి 23.85తో గుణిస్తే 7,14,999 రూపాయలు. అసలు ధరకి 7,20,000. పోయిన 5,000లో ఫీజు 504 మాత్రమే, మిగతా 4,497 రేటులోనే పోయింది. కాబట్టి ఇంత మొత్తానికి ఫీజు గురించి మాట్లాడటం దండగ, రేటు బేరం ఆడాలి. కౌంటర్ గుమాస్తాని కాదు, లోపల బ్రాంచ్ మేనేజర్‌ని "30 వేలు పంపుతున్నాను, ప్రత్యేక రేటు ఇవ్వండి" అని అడగండి. పక్క వీధిలో ఇంకో ఎక్స్‌చేంజ్ రేటు ముందే కనుక్కుని వెళ్ళండి. 5 పైసలు పెంచినా మీకు 1,500 రూపాయలు.

ఇప్పుడు స్విఫ్ట్. ఇక్కడి బ్యాంకు చాలాసార్లు దిర్హాంని డాలర్ చేసి పంపుతుంది. 3.6725కి బదులు 3.685కి చేసిందనుకోండి, 8,141 డాలర్లు వస్తాయి. దారిలో మధ్య బ్యాంకు 20 డాలర్లు కోసుకుంటుంది. మిగిలిన 8,121 డాలర్లని ఇండియాలో మీ బ్యాంకు తన టీటీ కొనుగోలు రేటుకి మారుస్తుంది, 88.14 ఉన్న రోజు 87.60 అనుకుందాం. 7,11,400 దగ్గర వచ్చింది. దాని మీద కరెన్సీ మార్చినందుకు జీఎస్టీ ఉంటుంది.

కౌంటర్_నెం_3
ఆ జీఎస్టీ లెక్క నేను చెబుతాను. అది మొత్తం మీద 18 శాతం కాదు, ఇది చూసి చాలామంది గుండెలు బాదుకుంటారు. మొదటి లక్షకి 1,000 రూపాయలు, లక్ష దాటిన దాని మీద 10 లక్షల దాకా అర శాతం, ఈ రెండూ కలిపితే వచ్చిన దాన్ని "సేవ విలువ" అనుకుని దాని మీద 18 శాతం. 7,11,400కి సేవ విలువ 4,057, పన్ను 730. డబ్బు విదేశీ కరెన్సీగా వచ్చి ఇక్కడ మారితేనే ఇది. ఎక్స్‌చేంజ్ ద్వారా రూపాయలుగానే వచ్చి పడితే మీ ఖాతాలో ఈ కోత కనబడదు.

పైసల_లెక్క
అయితే చివరికి 7,10,670 పైచిలుకు. ఇక్కడి బ్యాంకు పంపే ఫీజు ఇంకా కలపలేదు. కౌంటర్ కంటే 4,300 రూపాయలు తక్కువ. రెండుసార్లు మారింది, రెండు చోట్లా కోత పడింది, దానికి ఇంకేం కారణం లేదు. ఛార్జీలు `OUR` అని, అంటే అన్నీ పంపేవాడే భరిస్తాడని, పెట్టినా మధ్య బ్యాంకు కోత తప్పించుకోవచ్చేమో గానీ రేటులో పోయేది ఆగదు.

ఖర్జూరం గారు అన్నదాంట్లో సగం నిజం ఉంది. ఇక్కడి కొన్ని బ్యాంకుల సొంత యాప్‌లలో ఇండియాకి రూపాయల్లోనే నేరుగా పంపే సదుపాయం ఉంది, అది స్విఫ్ట్ కాదు. దాని రేటు చాలాసార్లు కౌంటర్‌తో పోటీ పడుతుంది. తాపీ మేస్త్రి గారూ, మీ బ్యాంకు యాప్ తెరిచి చూడండి. కానీ కంపెనీ ఇచ్చిన సాలరీ కార్డు మాత్రమే ఉన్నవాళ్ళకి ఇది ఉండదు.

తాపీ_మేస్త్రి
ఉంది, చూశాను. 23.79 చూపిస్తోంది, ఫీజు లేదు. అంటే 7,13,700. కౌంటర్ 1,300 ఎక్కువ ఇస్తోంది. కానీ 30 వేలు నోట్లు తీసుకుని బస్సులో వెళ్ళడం...

పైసల_లెక్క
అది మీరే తేల్చుకోవాలి. నేనైతే ముందు ఆ రేటు చూపించి కౌంటర్‌ని పెంచమని అడుగుతాను. ఖాతా నుంచి నేరుగా వాళ్ళకి బదిలీ చేసే వీలు ఉందేమో కూడా అడగండి, నోట్లు మోయక్కర్లేదు.

కౌంటర్_నెం_3
మేస్త్రి గారూ, ఈ డబ్బు ఏ ఖాతాకి పంపుతున్నారు? మీ పేరు మీద ఊళ్ళో పాత మామూలు సేవింగ్స్ ఖాతాకేనా? పని మీద విదేశానికి వెళ్ళిన తర్వాత ఆ ఖాతాని అలాగే నడపకూడదు, ఎన్ఆర్ఓగా మార్పించాలి. విదేశంలో సంపాదించింది దాచుకోవడానికి ఎన్ఆర్ఈ తెరవండి. ఎన్ఆర్ఈ వడ్డీకి ఇండియాలో ఆదాయపు పన్ను లేదు, డబ్బు మళ్ళీ బయటికి తీసుకుపోవచ్చు. ఎన్ఆర్ఓ వడ్డీ మీద 30 శాతం, పైన సెస్సు, ముందే పట్టేస్తారు. 7 లక్షలు డిపాజిట్ వేస్తే పైన మీరు లెక్కపెట్టిన 1,300 కంటే ఇది చాలా పెద్ద తేడా.

ఎన్ఆర్ఈకి పంపేటప్పుడు కారణం అడిగే చోట కుటుంబ పోషణ P1301 అని గుడ్డిగా కొట్టకండి, ఎన్ఆర్ఐ డిపాజిట్‌కి P0014 ఉంది. ఇంకొకటి, నోట్లు చేతికిచ్చే రకం మనీ ట్రాన్స్‌ఫర్ సేవల్లో ఎన్ఆర్ఈ ఖాతాకి జమ చేయడానికి అనుమతి లేదు. వాటికి ఒక్కసారికి 2,500 డాలర్ల హద్దు, ఒక మనిషికి ఏడాదికి 30 సార్లు, నోట్ల రూపంలో 50,000 రూపాయల వరకే. రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాకి పంపే ఎక్స్‌చేంజ్ పద్ధతి వేరు, దానికి ఈ హద్దులు లేవు.

తాపీ_మేస్త్రి
పాత ఖాతానే సార్. ఆ సంగతి తెలియదు. ఊరెళ్ళకుండా ఎన్ఆర్ఈ తెరవచ్చా?

రాయచోటి_కువైట్
రేటు ఇంకా పెరుగుతాదని మా రూములో ఇద్దరు నాలుగు నెల్ల నుంచి పంపకుండా పెట్టుకోనుండారు. పెట్టుకుంటే మంచిదేనా?

పైసల_లెక్క
ఎటు పోతుందో చెప్పగలిగినవాడు ఇక్కడ కూర్చోడు. వారం రోజుల్లో వచ్చే మార్పు మాత్రం చూసుకోవచ్చు. శని, ఆదివారాలు రూపాయి మార్కెట్ మూసి ఉంటుంది. సోమవారం ధర ఎలా తెరుచుకుంటుందో తెలియక యాప్‌లూ కౌంటర్లూ కూడా తమ జాగ్రత్తకి రేటు కాస్త తగ్గించి పెట్టుకుంటాయి. మార్కెట్ నడిచేది ఇండియా గడియారంలో ఉదయం 9 నుంచి 3:30 దాకా, అంటే దుబాయ్ గడియారంలో 7:30 నుంచి 2. సెలవు రోజు కాకుండా ఆ వేళల్లో పంపితే చాలు.

ఖర్జూరం
ఇది నేను ఒప్పుకోను. రూపాయి ఏళ్ళ తరబడి పడుతూనే ఉంది. ఆగినవాడికే లాభం.

కౌంటర్_నెం_3
పడుతున్న మాట నిజమే గానీ, ఆ నాలుగు నెలలు ఊళ్ళో అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీకి నడుస్తుంటే? నాలుగు నెలలకి నూటికి ఎనిమిది. దిర్హాం 24 నుంచి 25.92కి పోతేనే సమానం అవుతుంది.

ఖర్జూరం
అప్పు లేనివాడి సంగతి చెప్తున్నాను నేను.

జనగామ_షార్జా
అన్నలూ, ఇయ్యాల ఒక కొత్త సంగతి. యాప్‌ల నా పేరు మీద ఖాతా తెరిస్తె రేటు 23.96 చూపెట్టింది. పిల్లలకేమొ 23.58. నాకే ఎందుకు ఎక్కువ?

పైసల_లెక్క
మొదటిసారి పంపేవాళ్ళకి ఇచ్చే రేటు అది. పక్కన చిన్న అక్షరాల్లో `first transfer` అనో, ఫలానా మొత్తం వరకు అనో ఉంటుంది చూడండి. వాడుకోండి, తప్పేం లేదు. 2500కి అంతా వర్తిస్తే 59,900 వస్తుంది, కౌంటర్ కంటే 776 ఎక్కువ. రెండోసారి మాత్రం మళ్ళీ లెక్క కట్టండి, అప్పుడు మీక్కూడా 23.58యే.

జనగామ_షార్జా
ఉన్నది అన్నా, 1000 దిర్హాంల దాక అని రాసి ఉన్నది. దాని పైన మామూలు రేటట.

కౌంటర్_నెం_3
అలాగైతే ఆగండి. కొత్త కోడ్ ఇంకా సరిచూసుకోలేదు కదా మీరు. కోడ్ పనిచేస్తుందో లేదో చూడ్డానికి 100 దిర్హాంలు పంపి ఆ మొదటిసారి రేటు వృథా చేసుకోకండి, ముందు అమ్మగారిని శాఖకి పంపండి.

జనగామ_షార్జా
అమ్మ సోమవారం పోతనన్నది సార్. పాస్‌బుక్ ఫొటో వచ్చినంక 1000 యాప్‌ల, మిగిలిన 1500... ఆగుర్రి, 1500కు గూడ 1855 లోపలనే కద, యాప్ రేటే నయం అయితదా?

పైసల_లెక్క
1500కి కౌంటర్‌లో 35,274, యాప్‌లో 35,370. యాప్‌ది 96 రూపాయలు ఎక్కువ. రేట్లు సోమవారానికి మారతాయి, అప్పుడు మళ్ళీ కట్టండి.